డబ్బా మీది రంగు, గోడ మీది రంగు: పెయింట్ లేబుళ్ళపై ఒక సమీక్ష

భద్రాచలంలోని పెయింట్ కొట్లో బకెట్ మూత బిగించి బండి వెనక కట్టారంటే అది చర్లకో దుమ్ముగూడేనికో చేరిపోయినట్టే. మెషీన్లో కలిపిన రంగును కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోరు, ఎందుకంటే దాన్ని మరొకరికి అమ్మలేరు. ఊరు చేరి, గోడకు ఒక చేయి వేశాక ఇది మనమనుకున్న రంగు కాదని తెలిస్తే ఆ నష్టమంతా ఇంటివాళ్ళదే. అడవి అంచు ఊళ్ళలో షేడ్ కార్డు ముందుంచుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని రంగు ఎంచుకునే వీలు అందరికీ ఉండదు. చాలామందికి ఉండే ఆధారాలు రెండే. పెయింటర్ ఫోన్లో చెప్పిన షేడ్ పేరు ఒకటి, డబ్బా మీద చిమ్మినట్టు అచ్చువేసిన రంగు బొమ్మ రెండోది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయా, సరిపోయేలా అచ్చువేయడం ఎంతవరకు సాధ్యం అన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న.

నా నిర్ణయం ముందే చెబుతాను. ఫ్యాక్టరీలోనే రంగు తయారై వచ్చే రెడీ షేడ్ డబ్బాలకు పేరుకు తగ్గ బొమ్మ వేయడం సాధ్యమే. కాకపోతే అందుకు అదనపు సిరా, అదనపు శ్రద్ధ కావాలి. కొట్లో మెషీన్ కలిపే బకెట్లకు మాత్రం ఏ బొమ్మా న్యాయం చేయలేదు. అక్కడ బొమ్మ వేసే చోటును ఖాళీగా వదిలి, కలిపిన పెయింటునే చూపించాలి.

ఇప్పుడు డబ్బాల మీద ఉన్నదేమిటి

ఖమ్మం కొట్లలోని అరలను పరికించి చూస్తే బొమ్మలు మూడు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది ఇంద్రధనుస్సు రకం. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ కలిసి చిమ్మినట్టుంటాయి. ఈ డబ్బాలో ఏ రంగైనా ఉండవచ్చని చెప్పడమే దాని పని. అది ఏ ఒక్క షేడ్‌నూ వాగ్దానం చేయదు కనుక తప్పుదారి పట్టించేదీ తక్కువే.

రెండోది ఒకే రంగు స్ప్లాష్ ఉండి, పక్కన షేడ్ పేరు ఉండే డబ్బా. ఎనామిల్, రెడ్ ఆక్సైడ్, స్ప్రే డబ్బాల వంటి వాటిలో ఇది కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. పేరూ రంగూ పక్కపక్కనే ఉంటే చూసేవాళ్ళు రెంటినీ కలిపే చదువుతారు. బొమ్మ అలంకారం కోసమే వేశామని కంపెనీ అనుకున్నా, కొనేవాళ్ళు దాన్ని నమూనాగానే తీసుకుంటారు.

మూడోది అందరికీ ఒకే అచ్చు, షేడ్‌కు ఒక చీటీ అనే పద్ధతి. రేకు డబ్బా అంతా ఉమ్మడి డిజైన్‌తో ఉంటుంది, మూత మీదనో పక్కనో షేడ్ పేరు, చిన్న రంగు పట్టీ ఉన్న స్టిక్కర్ అంటిస్తారు. దీనికి కారణం లెక్కలోనే తెలుస్తుంది. ఒక ఎనామిల్ 24 షేడ్లలో, 50 మిల్లీలీటర్ల నుంచి 4 లీటర్ల దాకా ఆరు సైజుల్లో వస్తుందనుకుందాం. షేడ్‌కో డబ్బా అచ్చువేస్తే 144 రకాల డబ్బాలు నిల్వ ఉంచాలి. నెమ్మదిగా అమ్ముడయ్యే షేడ్ల డబ్బాలు గోదాములోనే తుప్పు పడతాయి. స్టిక్కర్ పద్ధతిలో ఆరు రకాల డబ్బాలు, 24 రకాల చీటీలు చాలు. చిన్న చీటీని మంచి కాగితం మీద, ప్రత్యేక సిరాతో అచ్చువేయడం పెద్ద డబ్బాను అలా అచ్చువేయడం కన్నా చవక కూడా. కనుక నిజాయితీకి ఎక్కువ అవకాశమున్న పద్ధతి ఇదే.

పేరు విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కంపెనీలు పెట్టుకునే ముద్దుపేర్లకు ఉమ్మడి కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ గంధం రంగు మరో కంపెనీ దానితో సరిపోవాలని ఎక్కడా లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 5 జాబితా అలాంటిది కాదు. అందులో రెడీమిక్స్‌డ్ పెయింట్లు, ఎనామిళ్ళ రంగులకు పేరుతోపాటు అంకె కూడా ఉంటుంది. గోల్డెన్ ఎల్లో 356, పోస్టాఫీస్ రెడ్ 538, డీప్ ఆరెంజ్ 591, స్మోక్ గ్రే 692 అలాంటివే. డబ్బా మీద ఆ అంకె ఉంటే రంగుకు ఒక నిలకడైన గుర్తు ఉన్నట్టు. బొమ్మ సరిగా ఉందో లేదో నిలదీయడానికి ముందు, దేనికి సరిపోవాలో తెలియాలి కదా.

తడి బొమ్మ, ఎండిన పేరు

స్ప్లాష్ అంటే గాలిలోకి ఎగసిన తడి పెయింట్. షేడ్ పేరు మాత్రం గోడ మీద ఎండిన పొరది. ఈ రెండూ ఒకటి కావు. ఎమల్షన్ పెయింటులో రెజిన్ రేణువులు నీళ్ళలో తేలుతూ వెలుతురును చెదరగొడతాయి. అందుకే తడిగా ఉన్నప్పుడు అది పాలు కలిపినట్టు తేలిగ్గా కనిపిస్తుంది. నీరు ఆవిరై, ఆ రేణువులు కలిసిపోయి పారదర్శకమైన పొర కట్టాక రంగు ఒక మెట్టు ముదురుతుంది. ముదురు షేడ్లలో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఫోటోగ్రాఫర్ ఎంత నిజాయితీగా తడి పెయింటును ఫోటో తీసి అచ్చువేసినా, ఆ బొమ్మ గోడకు సరిపోదు. కనుక ఎమల్షన్ లేబుల్‌కు ప్రమాణంగా తీసుకోవలసింది ఎండిన నమూనానే.

ఆ నమూనాను తయారు చేసే పద్ధతి పెయింట్ ప్రయోగశాలల్లో స్థిరంగా ఉంది. సగం నలుపు, సగం తెలుపు ఉన్న అట్ట మీద పెయింటును ఒక లోహపు పరికరంతో సమానమైన మందంలో లాగుతారు. తడి పొర 150 మైక్రాన్లు ఉండేలా లాగడం సాధారణం. నలుపు, తెలుపు భాగాల మీద ఎండిన రంగు ఒకేలా కనిపిస్తే పెయింటు అడుగును పూర్తిగా కప్పినట్టు. నలుపు మీద ఇంకా మాసినట్టుంటే మరో పొర వేయాలి. పూర్తిగా కప్పిన పొరనే కొలవాలి. ఈ జాగ్రత్త ఎర్రమట్టి గోడలున్న ప్రాంతంలో మరీ అవసరం. పలచని పసుపు పెయింటు ఒక్క చేయి ఎర్ర గోడ మీద వేస్తే అడుగు రంగు పైకి తేలి నారింజ ఛాయ వస్తుంది. లేబుల్ చూపే రంగు కప్పు పూర్తయ్యాక వచ్చేది. అది ఎన్ని చేతులకు, ఏ ప్రైమర్ మీద వస్తుందో పక్కనే రాయకపోతే సరైన బొమ్మ కూడా మోసం చేసినట్టే అవుతుంది.

పసుపు షేడ్ల కథ గత పదేళ్ళలో ఇంకొంచెం మారింది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదని కేంద్రం 2016లో నియమాలు తెచ్చింది, అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు మెరిసే పసుపు, నారింజ ఎనామిళ్ళకు వాడుతూ వచ్చిన క్రోమ్ ఎల్లో సీసంతో చేసిన పిగ్మెంటే. దాని కప్పు శక్తి చాలా ఎక్కువ. బదులుగా వాడే సేంద్రియ పిగ్మెంట్లు రంగులో చురుగ్గా ఉన్నా చాలావాటికి అంత కప్పు ఉండదు. ఆరోగ్యానికి ఈ మార్పు తప్పనిసరి, అందులో రెండో మాట లేదు. కానీ పిగ్మెంటు మారినప్పుడు ఎండిన నమూనాను మళ్ళీ కొలిచి లేబుల్‌నూ సరిచేయాలి. ఫార్ములా కొత్తదై బొమ్మ పాతదైతే పసుపు డబ్బాల మీద తేడా వచ్చి తీరుతుంది.

నాలుగు సిరాలు చేరలేని చోటు: డీప్ ఆరెంజ్ 591

లేబుళ్ళను మామూలుగా నాలుగు సిరాలతో అచ్చువేస్తారు: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. చిన్న చిన్న చుక్కలుగా వీటిని కలిపి కంటికి వేల రంగులు చూపిస్తారు. అయితే ఈ నాలుగూ కలిసి చేరగల రంగులకు ఒక హద్దుంది. చురుకైన నారింజ, గాఢమైన నీలం, నిగారింపున్న ఆకుపచ్చ, ఊదా ఆ హద్దుకు అవతలే ఉంటాయి. క్రీమ్, ఇటుక రంగు, మట్టి రంగులు హాయిగా లోపలే ఉంటాయి. అందుకే ఒకే కంపెనీ డబ్బాల్లో ఇటుక రంగు బొమ్మ నమ్మదగినదిగా, నారింజ బొమ్మ మాసిపోయినట్టుగా కనిపించవచ్చు.

కాషాయానికి దగ్గరైన ఛాయలు ఎక్కువగా కనిపించే భద్రాచలంలో డీప్ ఆరెంజ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. రంగును అంకెల్లో చెప్పడానికి మూడు కొలతలు వాడతారు. ఎల్ అంటే వెలుగు, ఏ అంటే ఎరుపు–పచ్చల మధ్య స్థానం, బీ అంటే పసుపు–నీలాల మధ్య స్థానం. ఎండిన నమూనా కొలిస్తే ఎల్ 62, ఏ 48, బీ 66 వచ్చిందనుకుందాం. ఇవి లెక్క చూపడానికి తీసుకున్న అంకెలు. నాలుగు సిరాల అచ్చులో ఎంత ప్రయత్నించినా ఎల్ 60, ఏ 42, బీ 58 దగ్గర ఆగిపోయిందనుకుందాం. తేడాలు వరుసగా 2, 6, 8. వాటి వర్గాలు 4, 36, 64. మొత్తం 104, దాని వర్గమూలం సుమారు 10.2. దీన్నే డెల్టా ఈ అంటారు. 1 దగ్గర ఉంటే మామూలు కన్ను పట్టలేదు. 2, 3 ఉంటే పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 5 దాటితే ఎవరికైనా తెలుస్తుంది. 10 అంటే కొనేవారు ఇది వేరే రంగని నిస్సందేహంగా చెప్పే తేడా.

ఇప్పుడు ఐదో సిరాగా, ముందే కలిపి పెట్టిన నారింజ సిరాను స్పాట్ కలర్‌గా వాడితే ఎల్ 62, ఏ 47, బీ 64 వచ్చిందనుకుందాం. తేడా సున్నా, 1, 2. డెల్టా ఈ సుమారు 2.2. ఒక్క సిరా చేర్చడంతో బొమ్మ నమూనా హోదాకు వచ్చేసింది. ఈ అదనపు సిరాకు ఒక ప్లేటు, ప్రెస్‌లో ఒక యూనిట్, కొంత సమయం కావాలి. అన్ని షేడ్లకూ దీన్ని చేయనక్కరలేదు. నాలుగు సిరాల హద్దుకు అవతలున్న షేడ్లకు చేస్తే చాలు.

అవతలి కొసన, లేత షేడ్లలో చిక్కు మరో రకం. దంతపు తెలుపు, లేత గంధం వంటివి హద్దులోపలే ఉన్నా, వాటిని అచ్చువేసే చుక్కలు అతి చిన్నవి. ప్రెస్‌లో చుక్క కాస్త ఉబ్బినా లేత గంధం గులాబీ వైపో ఆకుపచ్చ వైపో జారుతుంది. బూడిద రంగులూ అంతే. వాటిని మూడు రంగు సిరాలతో కట్టకుండా ఎక్కువ భాగం నల్ల సిరా మీద కడితే నిలకడగా ఉంటాయి.

పెయింటువాళ్ళ దీపం, ప్రెస్‌వాళ్ళ దీపం

అంకెలు చేతిలో ఉన్నా పని చెడిపోయే చోటు ఒకటుంది. పెయింట్ పరిశ్రమ సాధారణంగా డీ65 అనే పగటి వెలుతురు, 10 డిగ్రీల చూపు కోణం లెక్కన కొలుస్తుంది. అచ్చు పరిశ్రమ డీ50 అనే కొంచెం పసుపు చాయ ఉన్న వెలుతురు, 2 డిగ్రీల కోణం లెక్కన కొలుస్తుంది. కాబట్టి ప్రయోగశాల ఇచ్చిన ఎల్, ఏ, బీ అంకెలను డిజైనర్ తన కంప్యూటర్లో యథాతథంగా ఎక్కిస్తే అక్కడే తప్పు మొదలవుతుంది. చేయవలసింది మూడు అంకెలకు బదులు నమూనా పూర్తి వర్ణపటాన్ని పంపడం. ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుతురు తిరిగి వస్తుందో ఆ పట్టీ ఉంటే, అచ్చువాళ్ళు తమ దీపానికి తామే లెక్క కట్టుకుంటారు.

అయినా ఒక పరిమితి మిగులుతుంది. పెయింటులోని పిగ్మెంట్లు వేరు, సిరాలోని పిగ్మెంట్లు వేరు. ఒక దీపం కింద రెండూ ఒకేలా కనిపించి, మరో దీపం కింద విడిపోవడం సహజం. కొట్లో ట్యూబ్‌లైట్ కింద సరిపోయిన బొమ్మ బయట ఎండలో సరిపోకపోవచ్చు. అందుకే అచ్చు నమూనాను ఆమోదించేటప్పుడు పగటి వెలుతురుతోపాటు ఎల్‌ఈడీ, పసుపు బల్బు కింద కూడా చూడాలి. మూడింట్లో ఏ ఒక్కదాని కిందైనా ఘోరంగా విడిపోతే సిరా కలపడం మార్చాలి.

అడుగున ఉన్నది: కాగితం, రేకు, ప్లాస్టిక్

అచ్చు సిరా పలచగా, పారదర్శకంగా ఉంటుంది. దాని కిందిదే దాని తెలుపు. భద్రాచలానికి గోదావరి అవతలి ఒడ్డునున్న సారపాకలో కాగితం, అట్ట తయారు చేసే మిల్లు ఉంది. 1979లో ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్ పేరుతో మొదలై 2002లో ఐటీసీలో కలిసింది. అట్ట తెలుపు అన్నది ఒకే తెలుపు కాదని ఇలాంటి మిల్లులో పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు. ప్రకాశవర్ధక రసాయనాలు ఎక్కువున్న అట్ట ఎండలో నీలి తెలుపుగా మెరుస్తుంది, అవి లేనిది కాస్త గోధుమ చాయగా ఉంటుంది. ఒకే నారింజ సిరా ఆ రెండింటి మీదా రెండు రంగులుగా కనిపిస్తుంది. షేడ్ కార్డును ఒక అట్ట మీద, స్టిక్కర్‌ను మరో కాగితం మీద అచ్చువేస్తే అవి ఒకదానితో ఒకటి తగువు పడతాయి.

రేకు డబ్బాలో ముందు తెల్లటి పూత వేసి దాని మీద అచ్చువేస్తారు. తర్వాత వార్నిష్ పూసి ఓవెన్లో కాలుస్తారు. ఆ వేడికి వార్నిష్ కొంచెం పసుపెక్కితే నీలం ఆకుపచ్చ వైపు జారుతుంది. కనుక ఆమోదించవలసింది కాల్చి బయటికి తీసిన రేకునే. ప్లాస్టిక్ బకెట్లకు పాలీప్రొపిలీన్ ఫిల్మ్ మీద అచ్చువేసి, ఆ లేబుల్‌ను అచ్చులో పెట్టి బకెట్‌తోపాటే కరిగించి కలిపేస్తారు. అడుగున తెల్ల సిరా చాలినంత లేకపోతే బకెట్ రంగు పైకి తొంగిచూస్తుంది.

ఇక కొట్టు ముందు, ఎండలో, వరుసగా పేర్చిన బకెట్ల సంగతి. మామూలు సిరాల్లో పసుపు, మెజెంటా ముందు వెలిసిపోతాయి. సయాన్, నలుపు నిలబడతాయి. అందుకే పాత డబ్బాల మీది ఎరుపులు పాలిపోయి, ఆకుపచ్చలు నీలం తేలతాయి. పడమటి ఎండ పడే చోట డబ్బా ముఖాన్ని నమ్మకూడదు. వరుసలో వెనక ఉన్నదాన్ని తీయించి పోల్చి చూస్తే ఎంత వెలిసిందో తెలుస్తుంది.

బొమ్మ గీసేచోట

ఇన్ని కొలతలూ పాటించినా డిజైన్ ఒక్కటే అన్నిటినీ కాదనవచ్చు. స్ప్లాష్‌కు మెరుపులు, నీడలు ఉంటాయి. మెరుపు దగ్గర తెలుపు, మడత దగ్గర నలుపు, మధ్యలో ఎక్కడో అసలు రంగు. చాలాచోట్ల తెల్ల పెయింటు స్ప్లాష్‌ను ఒక్కసారి ఫోటో తీసి, కంప్యూటర్లో షేడ్‌కో రంగు పులుముతారు. అలా పులిమినప్పుడు నీడలు మురికిగా, మెరుపులు రంగు లేకుండా పోతాయి. కంటికి తట్టే మొత్తం రంగు ఉన్నదానికన్నా చురుగ్గానో ముదురుగానో ఉంటుంది.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. స్ప్లాష్‌లో సగానికి పైగా భాగాన్ని చదునైన మధ్యస్థ రంగుగా ఉంచి, ఆ భాగాన్నే కొలిచిన అంకెకు కట్టాలి. మెరుపులను సన్నగా, నీడలను అదే రంగు కుటుంబంలో ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, స్ప్లాష్ పక్కన నీడా మెరుపూ లేని చదును గడి ఒకటి, కనీసం రెండు సెంటీమీటర్ల చదరం, షేడ్ అంకెతోపాటు అచ్చువేయాలి. చుట్టూ తెలుపో లేత బూడిదో ఉండాలి. పక్కన ముదురు ఆకుపచ్చ ఉంటే ఎరుపు ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. కంటి స్వభావమే అంత.

మెషీన్ బకెట్‌కు మరో దారి

కొట్లో మెషీన్ కలిపే పెయింటు బేస్ రూపంలో వస్తుంది. లేత షేడ్లకు తెల్ల బేస్, ముదురు షేడ్లకు తెలుపు తక్కువో అసలు లేనిదో అయిన బేస్. రంగు ద్రవాలకు చోటుండాలని బకెట్‌ను కొంచెం తక్కువగా నింపుతారు. ఒకే బేస్ నుంచి వందల షేడ్లు పుడతాయి. అలాంటప్పుడు బకెట్ మీద ఒక నీలి స్ప్లాష్ వేస్తే అది ఆ వందల్లో ఏదో ఒక్కదానికి తప్ప మిగతా అన్నిటికీ అబద్ధమే.

ఇక్కడ చేయవలసింది లేబుల్‌లో తెల్లటి ఖాళీ గడి వదలడం. కలపడం పూర్తయ్యాక కొట్టువారు మూత తీసి, ఒక చుక్క పెయింటును ఆ గడిలో పూసి, పక్కన షేడ్ కోడు, తేదీ రాయాలి. మూత మీద వేలితో చుక్క పెట్టే అలవాటు చాలా కొట్లలో ఉన్నదే. దాన్ని లేబుల్ డిజైన్‌లో భాగం చేయడమే కొత్త. ఇందులో అచ్చు హద్దు లేదు, దీపాల తగువు లేదు, ఎందుకంటే చూపేది ఆ పెయింటునే. ఎండాక మరుసటి బకెట్‌తో పోల్చుకోవచ్చు, మెషీన్ ఒక రంగు ద్రవాన్ని తక్కువ పోసిందేమో కూడా అక్కడే బయటపడుతుంది.

దీనికీ పరిమితులున్నాయి. ఎమల్షన్ చుక్క పైపైన ఆరడానికే అరగంటో గంటో పడుతుంది, వానాకాలం తేమలో ఇంకా ఎక్కువ. హెయిర్ డ్రయర్‌తో ఆరబెడితే త్వరగా తేలుతుంది. పలచని చుక్కలో అడుగు కనిపిస్తుంది కనుక ఆరాక మరోసారి పూయాలి. తర్వాత గడిని కొట్టు బయట నీడపట్టున, పగటి వెలుతురులో చూడాలి.

అడగవలసింది

ప్యాకేజీ సరుకులపై 2011 నాటి లీగల్ మెట్రాలజీ నియమాలు తయారీదారు పేరు, పరిమాణం, గరిష్ఠ ధర, తయారైన నెల వంటివి రాయమంటాయి. బొమ్మలోని రంగు ఎంత దగ్గరగా ఉండాలో ఆ జాబితాలో లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం ప్రకటన అన్న మాటలో లేబుల్‌ను, పై చుట్టును కూడా చేర్చింది. అంటే డబ్బా మీది బొమ్మ తప్పుదారి పట్టించే ప్రకటనా అన్న ప్రశ్న వేయడానికి తలుపు తెరిచే ఉంది.

ఈ ప్రశ్న కోర్టుదాకా పోకుండానే తేలాలంటే మూడు మాటలు చాలు. రెడీ షేడ్ డబ్బా మీద స్ప్లాష్ పక్కన కొలిచి వేసిన చదును గడి ఉండాలి. దాని కింద షేడ్ అంకె, ఎన్ని చేతుల తర్వాత ఈ రంగు వస్తుందో తెలుగులో ఉండాలి. మెషీన్ బకెట్‌కు రంగు బొమ్మ తీసేసి ఖాళీ గడి పెట్టాలి. ఇవి వచ్చేదాకా చర్ల నుంచి వచ్చిన కొనుగోలుదారు చేయగలిగిందీ ఉంది. డబ్బు కట్టేముందే, మూత బిగించకముందే, ఒక తెల్ల అట్టముక్క మీద రెండు పొరల చుక్క వేయించుకుని, ఆరబెట్టి, బయటికి తెచ్చి చూడాలి. నచ్చితేనే బకెట్ బండెక్కాలి.